‘అనే నేను’ తర్వాతి మాటలు: విద్యార్థి సంఘం అధ్యక్షురాలి ప్రమాణం, తొలి ప్రసంగం

(హైదరాబాద్‌లోని ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయ ఆడిటోరియంలో కొత్త విద్యార్థి సంఘం ప్రమాణ స్వీకారం సందర్భంగా చేసిన ప్రసంగానికి అక్షర రూపం. ప్రమాణాన్ని ఎన్నికల అధికారి ముక్కలు ముక్కలుగా చదవగా, అధ్యక్షురాలు ఒక్కో ముక్క విని తిరిగి పలికారు. గీతలున్న చోట ఎన్నికల అధికారి ఆగారు.)

‘‘(పేరు) అనే నేను / ఈ విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘం అధ్యక్ష పదవికి ఎన్నికైనందున / సంఘం నియమావళికి కట్టుబడి ఉంటానని / భయం గానీ పక్షపాతం గానీ / రాగం గానీ ద్వేషం గానీ లేకుండా / విద్యార్థులందరి పట్ల సమానంగా నడుచుకుంటానని / విద్యార్థుల డబ్బులో ప్రతి రూపాయికీ లెక్క చూపిస్తానని / ఈ పదవి వల్ల నా దృష్టికి వచ్చిన ఏ విద్యార్థి వ్యక్తిగత విషయాన్నీ / విధి నిర్వహణకు అవసరమైతే తప్ప ఎవరికీ చెప్పనని / పదవీకాలం ముగిసిన రోజున రికార్డులన్నీ తర్వాతివారికి అప్పగిస్తానని / మనస్సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను.’’

(రిజిస్టరులో అధ్యక్షురాలు, ఎన్నికల అధికారి, ఇద్దరు సాక్షులు సంతకాలు చేశారు. చప్పట్లు. ఆ తర్వాత ప్రసంగం.)

డీన్ గారికి, ఎన్నికల అధికారి మేడమ్‌కు, వార్డెన్లకు, నాతో పాటు పోటీ చేసిన మిత్రులకు, హాస్టళ్ల నుంచి, బయట గదుల నుంచి వచ్చిన అందరికీ నమస్కారం.

ఇప్పుడు మీరు విన్న ప్రమాణాన్ని మేడమ్ ఎందుకు అంత చిన్న చిన్న ముక్కలుగా చదివారో ముందు చెప్తాను. ప్రమాణం చేయించేవారు ఒకేసారి పది పదిహేను మాటలు చదివేస్తే, తిరిగి చెప్పేవారు తడబడతారు. ఒక మాట ముందుకో వెనక్కో జరుగుతుంది. 2009 జనవరి 20న అమెరికా అధ్యక్షుడు బరాక్ ఒబామా ప్రమాణ స్వీకారంలో సరిగ్గా ఇదే జరిగింది. ప్రమాణం చేయించిన ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ ‘విశ్వాసపూర్వకంగా’ అనే అర్థం వచ్చే మాటను దాని చోటు నుంచి జరిపి చదివారు. ఆ ప్రమాణ పాఠం అక్కడి రాజ్యాంగంలో అక్షరం అక్షరం రాసి ఉంది కాబట్టి, ఏ సందేహమూ మిగలకూడదని మర్నాడు శ్వేతసౌధంలో ఇద్దరూ మళ్లీ నిలబడి ప్రమాణం పూర్తి చేశారు. మన సంఘం ప్రమాణానికి అంత చట్టబలం లేకపోవచ్చు. కానీ ఏ మాటకు కట్టుబడ్డానో రేపు మీరు నన్ను అడగాలంటే, ఆ మాట స్పష్టంగా పలికి ఉండాలి, రిజిస్టరులో అదే మాట ఉండాలి. అందుకే సంతకం పెట్టే ముందు ఆ పేజీ మొత్తం మళ్లీ చదివాను.

మన రాజ్యాంగంలో మూడో షెడ్యూలు ఉంది. మంత్రులు, శాసనసభ్యులు, న్యాయమూర్తులు చేసే ప్రమాణాల పాఠాలు అందులోనే ఉంటాయి. మంత్రులకు రెండు ప్రమాణాలు: ఒకటి పదవీ ప్రమాణం, రెండోది రహస్య పరిరక్షణ ప్రమాణం. టీవీలో మనం వినే ‘భయం గానీ పక్షపాతం గానీ, రాగం గానీ ద్వేషం గానీ లేకుండా’ అన్నది మొదటిదాంట్లో వస్తుంది. ‘విధి నిర్వహణకు అవసరమైతే తప్ప వెల్లడించను’ అన్నది రెండోదాంట్లో వస్తుంది. మన ప్రమాణంలో రెండూ కలిసి ఉన్నాయి. దైవసాక్షిగా చేయాలా, మనస్సాక్షిగా చేయాలా అన్నది చేసేవారి ఇష్టం. ఏది ఎంచుకున్నా బాధ్యత ఒక్కటే.

ఈ ప్రమాణంలో ఐదు వాగ్దానాలున్నాయి. అన్నిటి గురించీ ఇవాళ మాట్లాడను. నియమావళి సంఘం ఆఫీసులో ఉంది, ఎవరైనా వచ్చి చదువుకోవచ్చు. సమానంగా నడుచుకోవడం అన్నదాన్ని చెప్పి చూపించలేం, ఏడాది పొడుగునా మీరే చూడాలి. డబ్బు లెక్క, వ్యక్తిగత విషయాల గోప్యత, రికార్డుల అప్పగింత, ఈ మూడింటికీ కాగితాలు ఉంటాయి. కాగితం ఉన్నచోట మాట తప్పితే దొరికిపోతాం. కాబట్టి వాటి గురించే చెప్తాను.

మొదట ఎన్నికల ఖర్చు. సుప్రీంకోర్టు ఆదేశంతో వేసిన లింగ్డో కమిటీ సిఫార్సులను కోర్టు 2006 సెప్టెంబరు 22న ఆమోదించింది. మన ఎన్నికలు ఆ నిబంధనల ప్రకారమే జరిగాయి. ఒక అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు. అచ్చువేసిన పోస్టర్లు వాడకూడదు, చేత్తో రాసినవే వాడాలి, అవి కూడా కేటాయించిన గోడల మీదే అంటించాలి. ఇంతవరకు అందరికీ తెలుసు. ఆ తర్వాతి మాట చాలామందికి తెలియదు. ఫలితం ప్రకటించిన రెండు వారాల్లోగా ప్రతి అభ్యర్థీ ఆడిట్ చేయించిన లెక్కలు విశ్వవిద్యాలయానికి ఇవ్వాలి. గెలిచినవాళ్లూ ఇవ్వాలి, ఓడినవాళ్లూ ఇవ్వాలి. అందిన రెండు రోజుల్లో విశ్వవిద్యాలయం వాటిని విద్యార్థులు ఎవరైనా చూసుకునేలా ప్రచురించాలి. లెక్కలు ఇవ్వకపోయినా, పరిమితి దాటినా ఆ ఎన్నిక రద్దవుతుంది.

ఇక్కడ తప్పు ఎక్కడ జరుగుతుందంటే, స్నేహితులు పెట్టిన ఖర్చు దగ్గర. చార్టులు ఒకరు తెస్తారు, మార్కర్లు ఇంకొకరు తెస్తారు, మైకు అద్దె వేరొకరు కడతారు. ‘‘నా జేబులోంచి ఐదొందలే పోయాయి’’ అని అభ్యర్థి నిజంగానే అనుకుంటారు. కానీ నిబంధన అడిగేది అభ్యర్థి కోసం అయిన ఖర్చు, అభ్యర్థి జేబులోంచి పోయిన ఖర్చు కాదు. కాబట్టి చార్టు షాపు బిల్లు ఎవరి పేరున ఉన్నా ఆ లెక్కలోకే వస్తుంది. మా ప్యానెల్‌లో పోటీ చేసినవారంతా బిల్లులు అంటించిన కాగితాలు వరుస నంబర్లతో ఇస్తున్నాం. మిగిలిన అభ్యర్థులూ గడువు మర్చిపోవద్దని కోరుతున్నాను. అలాగే పోలింగ్ ముగిసిన 48 గంటల్లోగా పోలింగ్ చోటును శుభ్రం చేయించే బాధ్యత అభ్యర్థులందరిదీ ఉమ్మడిగా ఉంటుంది. ఇందులో గెలుపోటముల తేడా లేదు.

ఇప్పుడు అసలు డబ్బు సంగతి. మన క్యాంపస్‌లో విద్యార్థుల నుంచి నెల నెలా ఎక్కువ మొత్తంలో పోయే డబ్బు సంఘం ఫీజు కాదు, మెస్ బిల్లు. మన హాస్టళ్లలో ఉన్నది డివైడింగ్ మెస్. అంటే నెలలో అయిన ఖర్చును ఆ నెలలో తిన్న రోజులతో భాగించి, వచ్చిన రోజువారీ రేటును ఒక్కొక్కరు తిన్న రోజులతో హెచ్చించి బిల్లు వేస్తారు. లెక్క వినడానికి సులువుగా ఉంటుంది. నెలాఖరున నోటీసు బోర్డు మీద ఒక్క అంకె అంటిస్తారు: ఈ నెల రేటు ఇంత. ఆ అంకె వెనక ఏముందో ఎవరూ అడగరు. ‘రేటు ఎక్కువొచ్చింది’ అని రెండు రోజులు గొణుక్కుని ఊరుకుంటాం. ఆ అంకెను ఎలా విప్పాలో ఇప్పుడు చూపిస్తాను. లెక్క అర్థం కావడానికి గుండ్రటి అంకెలు తీసుకుంటున్నాను, ఇవి ఏ హాస్టల్‌వీ కావు.

ఒక హాస్టల్‌లో 300 మంది ఉన్నారనుకుందాం. నెలకు 30 రోజులు. అందరూ అన్ని రోజులూ తింటే 9,000 భోజన దినాలు. కొంతమంది ఊళ్లకు వెళ్లి మెస్ కట్ రాయించుకున్నారు, అది మొత్తం 600 రోజులు. అంటే తిన్నది 8,400 రోజులు. ఇది భాగహారంలో కింద ఉండే అంకె.

పైన ఉండే అంకె నెల ఖర్చు. ఖర్చు అంటే ఈ నెల కొన్న సరుకుల మొత్తం అనుకుంటే అక్కడే పొరపాటు. నెల మొదటి రోజున స్టోర్ రూమ్‌లో మిగిలి ఉన్న సరుకు విలువకు ఈ నెల ఖర్చులన్నీ కలిపి, నెల చివరి రోజున మిగిలిన సరుకు విలువను తీసేయాలి. మొదటి రోజు సరుకు 1,20,000 రూపాయలు. ఈ నెల కొనుగోళ్లు, గ్యాసు, కూలీలు అన్నీ కలిపి 8,10,000. చివరి రోజు మిగిలిన సరుకు 90,000. అప్పుడు ఖర్చు 8,40,000. దాన్ని 8,400తో భాగిస్తే రోజుకు 100 రూపాయలు. నెలంతా తిన్నవారికి బిల్లు 3,000.

ఇప్పుడు చివరి రోజు సరుకు ఎవరూ తూయలేదనుకోండి. పరీక్షలు, లేదా కేర్‌టేకర్ సెలవు, ఏదో ఒక కారణం. మిగులు సరుకు తీసేయకుండా 9,30,000ను 8,400తో భాగిస్తారు. రేటు దాదాపు 110 రూపాయల 71 పైసలు అవుతుంది. ఒక్కొక్కరి బిల్లులో సుమారు 321 రూపాయలు పెరుగుతుంది. ఆ సరుకు ఎక్కడికీ పోలేదు, గదిలోనే ఉంది. వచ్చే నెల దాన్నే వండుతారు. వచ్చే నెల లెక్కలో మొదటి రోజు సరుకు సున్నా అని రాస్తే, ఆ నెల రేటు తగ్గుతుంది, నష్టం కొంత పూడుతుంది. కానీ ఈలోగా చదువు పూర్తయి వెళ్లిపోయినవారికి ఆ తగ్గుదల అందదు. ఇంకా ప్రమాదకరమైన సందర్భం ఒకటుంది. ఈ నెల తీసేయడం మర్చిపోయి, వచ్చే నెల మాత్రం మొదటి రోజు సరుకు 90,000 అని రాస్తారు. అప్పుడు అదే బియ్యానికి, అదే నూనెకు రెండుసార్లు డబ్బు కట్టినట్టు. 300 మందికి పంచితే తలకు 300 రూపాయలు. ఇందులో ఎవరూ దొంగతనం చేయకపోయినా విద్యార్థి నష్టపోతాడు. ఎలా కనిపెట్టాలి? రెండు నెలల షీట్లు పక్కపక్కన పెట్టి చూడాలి. పోయిన నెల చివరి సరుకు అంకె, ఈ నెల మొదటి సరుకు అంకె, రెండూ ఒకటే అయ్యుండాలి. ఒక్క రూపాయి తేడా ఉన్నా ఎందుకో అడగాలి.

రెండో రంధ్రం అతిథులు. వారాంతాల్లో స్నేహితులు వస్తారు, ఫెస్ట్ రోజుల్లో బయటి కాలేజీల వాళ్లు వస్తారు. అతిథి కూపన్ తీసుకుంటే ఆ డబ్బును నెల ఖర్చులోంచి తీసేయాలి. ఇదే హాస్టల్‌లో అతిథులు 200 రోజుల భోజనం తిన్నారు, రోజుకు 100 చొప్పున 20,000 రూపాయల కూపన్లు అమ్ముడుపోయాయి అనుకుందాం. దాన్ని ఖర్చులోంచి తీసేస్తే రేటు 97 రూపాయల 62 పైసలకు దిగుతుంది, అంటే ఒక్కొక్కరికి నెలకు సుమారు 71 రూపాయల తేడా. కూపన్ల డబ్బు వేరే పుస్తకంలో ఉండిపోయినా, అసలు కూపనే ఇవ్వకుండా అతిథులకు వడ్డించినా, ఆ 71 రూపాయలూ మనమే కడుతున్నట్టు. కూపన్ పుస్తకానికి వరుస నంబర్లు ఉంటాయి. నెల మొదట్లో ఏ నంబరు, చివర్లో ఏ నంబరు, ఎన్ని అమ్ముడయ్యాయి, డబ్బు ఎంత. ఈ నాలుగూ షీటు మీద ఉంటే చాలు.

మెస్ కట్‌ది ఇంకో రకం ఇబ్బంది. కట్ రాసినా రిజిస్టరులో ఎక్కకపోతే, ఆ విద్యార్థి తినని రోజులకు డబ్బు కడతాడు. మిగతావాళ్ల రేటు అందువల్ల కాస్త తగ్గుతుంది కాబట్టి ఇంకెవరూ పట్టించుకోరు, ఆ ఒక్కరే తిరగాలి. కట్ ఫారం ఇచ్చేటప్పుడు ఫోన్‌తో ఫోటో తీసుకోండి, తేదీ కనిపించేలా. దీనికి ఇంతకు మించిన మందు లేదు.

కాబట్టి సంఘం తరఫున నేను అడగబోయేది ఒక్కటే: నోటీసు బోర్డు మీద రేటు కాదు, షీటు అంటించాలి. మొదటి సరుకు, కొనుగోళ్లు, చివరి సరుకు, అతిథి కూపన్లు, మొత్తం రోజులు, కట్ రోజులు, రేటు. ఏడు అంకెలు, అర పేజీ. దీనికి కొత్త నియమం అక్కర్లేదు. ఈ అంకెలు లేకుండా రేటు తేల్చలేరు కాబట్టి, అవి ఎక్కడో ఒకచోట ఉండే ఉంటాయి.

చివరి రోజు సరుకు తూయడం దగ్గర మెస్ కమిటీ సభ్యులు ఇద్దరు ఉండాలని కోరుతున్నాను. నెల చివరి రాత్రి భోజనాలు అయ్యాక, పొయ్యిలు ఆర్పాక, స్టోర్ రూమ్‌లో గంట పని. మూతి విప్పని బస్తాలు లెక్కపెడితే చాలు. మూతి విప్పినవి కాటా మీద పెట్టాలి. చాలామంది విప్పిన బస్తాను ‘సగం’ అని రాసేస్తారు. పది రకాల సరుకుల్లో పది సగాలు రాస్తే ఆ లెక్కకు అర్థం ఉండదు. గ్యాసు సంగతి అందరూ వదిలేస్తారు. హోటళ్లకు, మెస్‌లకు వచ్చే పెద్ద సిలిండరులో 19 కిలోల గ్యాసు ఉంటుంది. వాడుతున్న సిలిండరులో ఎంత మిగిలిందో ఊపి చూసి చెప్పనక్కర్లేదు. సిలిండరు పైభాగంలో దాని ఖాళీ బరువు కొట్టి ఉంటుంది. కాటా మీద పెట్టి వచ్చిన బరువులోంచి ఆ అంకె తీసేస్తే మిగిలింది గ్యాసు. కూరగాయలు, పాలు లెక్కలోకి తీసుకోవద్దు, అవి మర్నాటికే అయిపోతాయి. తూసిన కాగితం మీద కేర్‌టేకర్, ఇద్దరు విద్యార్థులు ముగ్గురూ సంతకం పెడితే, వచ్చే నెల మొదటి సరుకు అంకె అక్కడే తేలిపోయినట్టు.

(ఇక్కడ కొంతసేపు చప్పట్లు.)

వార్డెన్లు, మెస్ సిబ్బంది ఇక్కడున్నారు. ఇది మీ మీద అనుమానంతో అడుగుతున్నది కాదు. తూకం కాగితం మీద మా సంతకం కూడా ఉంటే, రేటు పెరిగిన నెలలో మీరు ఒంటరిగా మాటలు పడనక్కర్లేదు.

ఇక ఫిర్యాదుల సంగతి. విద్యార్థి సంఘం దగ్గరకు వచ్చే ఫిర్యాదులు ఎందుకు ఆగిపోతాయో చెప్తాను. మొదటి కారణం, అవి కాగితం మీద ఉండవు. వార్డెన్‌కు వాట్సాప్‌లో పంపుతారు, లేదా కారిడార్‌లో చెప్తారు. ‘చూస్తాం’ అంటారు. ఆ మాటకు తేదీ లేదు, నంబరు లేదు. రెండో కారణం ఇంకా ముఖ్యం. ఒకే ఉత్తరంలో ఏడు డిమాండ్లు రాస్తారు. మూడో అంతస్తు బాత్రూమ్ లీకు ఇంజినీరింగ్ సెక్షన్‌ది, మెస్ చీఫ్ వార్డెన్‌ది, ఫెలోషిప్ ఆలస్యం ఫైనాన్స్‌ది, బస్సు వేళలు రవాణా విభాగంది. ఉత్తరం ఒక్కటే కాబట్టి ఫైలు ఒక్కటే. ఆ ఫైలు మొదటి బల్ల మీద తనకు సంబంధించిన పని అయ్యేదాకా కదలదు. అందులో ఉన్న మిగతా ఆరు విషయాలూ ఆ బల్ల మీదే పడి ఉంటాయి. అందుకే సంఘం ఇకమీదట ఒక విషయానికి ఒకే ఉత్తరం రాస్తుంది.

ఉత్తరం ఎలా ఉండాలో ఆ బాత్రూమ్ లీకుతోనే చెప్తాను. ‘హాస్టల్‌లో నీటి సమస్య తీవ్రంగా ఉంది, వెంటనే పరిష్కరించగలరు’ అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ‘ఫలానా హాస్టల్, మూడో అంతస్తు, తూర్పు వైపు బాత్రూమ్, రెండో కుళాయి పైపు జాయింటు దగ్గర లీకు. ఫలానా తేదీ నుంచి. కింద రెండో అంతస్తు కారిడార్ పైకప్పు చెమ్మగిల్లింది, స్విచ్ బోర్డు దాకా వచ్చింది. జాయింటు మార్చాలని, మార్చేలోపు ఆ స్విచ్ బోర్డుకు కరెంటు తీసేయాలని కోరుతున్నాం.’ ఇలా రాస్తే ప్లంబరు ఏ సామాను పట్టుకుని ఏ మెట్లెక్కాలో తెలుస్తుంది, ఎలక్ట్రీషియన్ కూడా ముందు రావాలని తెలుస్తుంది. రెండు కాపీలు తీసుకుని తపాల్ సెక్షన్‌కు వెళ్లాలి. ఒకటి వాళ్లకు ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోవాలి. ఆ నంబరు లేని ఉత్తరం ఇచ్చినట్టు కాదు. సంఘం ఆఫీసులో ఫిర్యాదుల రిజిస్టరు పెడుతున్నాం. తేదీ, విషయం, ఏ సెక్షన్, ఇన్‌వర్డ్ నంబరు, ఎప్పుడు అడిగాం, ఏం చెప్పారు. ఫిర్యాదుదారు పేరు ఆ రిజిస్టరులో ఉండదు, దానికి వేరే పుస్తకం, అది తాళం లోపల.

కొన్ని ఫిర్యాదులు సంఘంతో తేలవు. అడ్మిషన్, సర్టిఫికెట్లు ఆపడం, పరీక్షల్లో అన్యాయం, వివక్ష, స్కాలర్‌షిప్ ఇవ్వకపోవడం లాంటివాటికి యూజీసీ 2023లో తెచ్చిన నిబంధనల కింద విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉంది. ఆ కమిటీ ఫిర్యాదు అందిన 15 పనిదినాల్లో నివేదిక పంపాలి. వారానికి ఐదు పనిదినాలు కాబట్టి, మధ్యలో పండగలు లేకపోతే మూడు వారాలు అని లెక్క వేసుకోండి. తీర్పు నచ్చకపోతే 15 రోజుల్లో అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఆ 15 రోజులూ దాటిపోవడమే ఎక్కువగా జరిగే తప్పు. కాగితం చేతికొచ్చిన రోజే కవరు మీద తేదీ రాసి పెట్టుకోండి. ఆ కమిటీలో ఉండే విద్యార్థి ప్రతినిధిని ప్రతిభను బట్టి నామినేట్ చేస్తారు, మీరు ఓటేసిన సంఘం నుంచి కాదు. కాబట్టి నాకు అక్కడ కుర్చీ లేదు. సంఘం చేయగలిగింది ఫిర్యాదు రాయడానికి సాయపడటం, గడువు గుర్తుచేయడం. అంతకంటే ఎక్కువ చేయిస్తామని మేము ఎవరికీ మాటివ్వకూడదు.

గోప్యత గురించి ప్రమాణంలో ఉన్న మాట ఇక్కడికే వస్తుంది. లైంగిక వేధింపుల ఫిర్యాదులు విద్యార్థి సంఘం విచారించేవి కావు. దానికి అంతర్గత కమిటీ ఉంది. యూజీసీ 2015 నిబంధనల ప్రకారం, విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదులైతే ఆ కమిటీలో డిగ్రీ, పీజీ, పరిశోధన స్థాయుల నుంచి ఎన్నికైన ముగ్గురు విద్యార్థులు ఉంటారు. ఘటన జరిగిన మూడు నెలల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. సంఘం నాయకులు చాలా చోట్ల చేసే పెద్ద తప్పు, ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టి ‘సర్దుకుపోండి’ అనడం. మంచి చేద్దామనే అలా చేస్తారు. కానీ ఆ గదిలోకి వెళ్లిన అమ్మాయి మాట బయటికి వచ్చేసరికి నలుగురి నోట్లో నాలుగు రకాలుగా ఉంటుంది, రేపు కమిటీ ముందు అదే ఆమెకు ఎదురు తిరుగుతుంది. పైగా మూడు నెలల గడువు ఈ సర్దుబాట్లలోనే కరిగిపోతుంది. కాబట్టి అలాంటి విషయంతో ఎవరైనా మా దగ్గరకు వస్తే, మేము వివరాలు అడగం. కమిటీ ఎక్కడుందో చెప్తాం, కావాలంటే తలుపు దాకా తోడు వస్తాం, బయట కూర్చుంటాం. ర్యాగింగ్‌కు జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. ఈ నంబరు ప్రతి హాస్టల్ మెట్ల దగ్గర చేత్తో రాసి అంటిస్తున్నాం.

ఇక చివరి వాగ్దానం, రికార్డుల అప్పగింత. ఏడాదికే పదవి మారుతుంది కాబట్టి మన సంఘాలకు జ్ఞాపకం ఉండదు. ప్రతి ఏటా అదే బాత్రూమ్ గురించి కొత్తగా ఉత్తరం రాస్తాం. పోయినేడాది రాసిన ఉత్తరం ఇన్‌వర్డ్ నంబరు ఎవరి ల్యాప్‌టాప్‌లోనో ఉంటుంది, ఆ మనిషి ఉద్యోగం వచ్చి ఊరు మారిపోయి ఉంటారు. పదవి దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు ఒకేచోట కూర్చుని పుస్తకాలు తెరిచి అప్పగించుకోవాలి. మినిట్స్ పుస్తకం చివరి పేజీ, నగదు పుస్తకం, బ్యాంకు పాస్‌బుక్, చెల్లించని బిల్లులు, మైకులు, స్పీకర్లు, క్యారమ్ బోర్డుల దాకా సామాను జాబితా. నగదు పుస్తకంలో ఆ రోజు నిల్వ కింద గీత గీసి, గీత కింద ఇద్దరూ సంతకం పెట్టాలి. గీతకు పైన ఉన్నదానికి వాళ్లు జవాబుదారీ, కింద ఉన్నదానికి మేము. ఈ గీత లేకపోతే ఏమవుతుందో చెప్తాను. ఫెస్ట్‌కు టెంట్ వేసిన వ్యక్తి నాలుగు నెలల తర్వాత బిల్లు పట్టుకుని వస్తాడు. పాతవాళ్లు ‘ఇచ్చేశాం’ అంటారు, కొత్తవాళ్లు ‘మాకు తెలియదు’ అంటారు, పేదవాడు ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు. అతని పని అతను చేశాడు, డబ్బులు మాత్రం మన నిర్లక్ష్యం మధ్య ఇరుక్కుపోతాయి.

బ్యాంకు విషయం విడిగా చెప్పాలి. ఖాతాలో సంతకాలు మారడానికి బ్యాంకు వాళ్లు సంఘం తీర్మానం కాపీ అడుగుతారు. ఆ తీర్మానం చెల్లాలంటే కోరం ఉన్న సమావేశం జరగాలి, మినిట్స్ రాయాలి. మొదటి సమావేశం వాయిదా పడితే సంతకాలు మారవు, సంతకాలు మారకపోతే చెక్కు వెళ్లదు. అప్పుడే ఎవరో తమ సొంత ఖాతా నుంచి పంపి ‘తర్వాత తీసుకుంటాను’ అంటారు. లెక్కలు చెడిపోవడం అక్కడే మొదలవుతుంది. అందుకని సంతకాలు మారేవరకు సంఘం పేరున ఒక్క రూపాయి ఖర్చు కూడా చేయబోం. స్వాగత కార్యక్రమం రెండు వారాలు ఆలస్యమైనా సరే.

రెండు తెలుగు రాష్ట్రాల్లోని రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో దశాబ్దాలుగా విద్యార్థి సంఘాలకు ఎన్నికలు జరగడం లేదు. మనది కేంద్రీయ విశ్వవిద్యాలయం కాబట్టి మనకు జరుగుతున్నాయి. అక్కడ చదివే మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎన్నికలు కావాలని అడిగినప్పుడల్లా, సంఘాలుంటే గొడవలే అనే జవాబు వస్తుంది. ఆ జవాబుకు ఎదురు చూపించడానికి వాళ్లకు మన నగదు పుస్తకం, మన మినిట్స్ పుస్తకం పనికిరావాలని నా కోరిక. అందుకే వాటిని శుభ్రంగా ఉంచడం మీద నాకు ఇంత పట్టుదల.

రేపు సాయంత్రం ఐదు గంటలకు సంఘం ఆఫీసులో మొదటి సమావేశం. కౌన్సిలర్లందరూ రావాలి, కోరం లేకపోతే మొదలుపెట్టం. ఎజెండాలో మూడు అంశాలే: పాత కమిటీ నుంచి అప్పగింత, బ్యాంకు తీర్మానం, మెస్ షీటు కోసం చీఫ్ వార్డెన్‌కు ఉత్తరం. ఆ ఉత్తరం ముసాయిదా ఇక్కడ బల్ల మీద పెడుతున్నాను. వెళ్లేటప్పుడు చదవండి, ఏదైనా మార్చాలనిపిస్తే పెన్నుతో అంచున రాయండి. ఎల్లుండి ఉదయం తపాల్ సెక్షన్ తెరవగానే ఇచ్చి, ఇన్‌వర్డ్ నంబరును అన్ని హాస్టళ్ల నోటీసు బోర్డుల మీద రాస్తాం. ఈ నెల చివరి రాత్రి సరుకు తూయడానికి వచ్చేవాళ్లు మీ మెస్ సెక్రటరీకి పేర్లు ఇవ్వండి. ఒక్కో హాస్టల్ నుంచి ఇద్దరు చాలు. కాటా ముందుగా సరిచూసి ఉంచుతాం.

(చప్పట్లు. ముసాయిదా కాగితం వేదిక పక్కన బల్ల మీద పెట్టారు.)